ఉండమన్నందుకు ఇల్లే పోతుందా?

ఆస్తి తగాదా మాట ఎక్కడ వచ్చినా ఎవరో ఒకరు అందుకుని అనే మాట ఒకటుంది: 'పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుందట.' ఆ మాట విన్న యజమానికి నిద్ర పట్టదు, ఆ ఇంట్లో ఉంటున్న చుట్టానికి ధైర్యం వస్తుంది. నిజానికి ఇద్దరూ విన్నది సగమే. చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్నమాట వాస్తవమే. కానీ ఆ లెక్క ఇంట్లో అడుగుపెట్టిన రోజున మొదలవదు. ఎప్పుడు మొదలవుతుంది, అసలు మొదలవుతుందా లేదా అన్న దగ్గరే కేసంతా ఉంటుంది.

దీన్ని లాయర్లు అడ్వర్స్ పొసెషన్ అంటారు. తెలుగులో ప్రతికూల స్వాధీనం. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 65వ ఆర్టికల్ ప్రకారం, తన ఆస్తిని తిరిగి స్వాధీనం చేసుకోవడానికి యజమాని పన్నెండేళ్లలోగా దావా వేయాలి. ఆ పన్నెండేళ్లను 'ప్రతివాది స్వాధీనం యజమానికి ప్రతికూలంగా మారిన రోజు' నుంచి లెక్కపెట్టాలి. గడువు దాటితే ఏమవుతుందో అదే చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుంది. చేబదులిచ్చిన డబ్బుకు గడువు దాటితే దావా మాత్రమే పోతుంది, బాకీ బాకీగానే ఉంటుంది. స్థిరాస్తికి గడువు దాటితే ఆస్తి మీద హక్కే ఆరిపోతుంది. దస్తావేజు బీరువాలో భద్రంగా ఉన్నా దాని బలం పోయినట్టే. ఈ భయం ఉత్త భయం కాదు కాబట్టే సంగతి పూర్తిగా తెలుసుకోవాలి.

ఎవరో బయటివాడు ఖాళీ స్థలానికి కంచె వేసి పాక వేసుకున్నాడనుకోండి. వాడు వచ్చిందే యజమానికి ఎదురుగా. కాబట్టి లెక్క మొదటి రోజు నుంచే మొదలుకావచ్చు. చుట్టం సంగతి అలా కాదు. తాళంచెవి మనమే చేతిలో పెట్టాం. 'ఇల్లు పాడుబడుతుంది, మీరుండండి' అన్నాం. అలా వచ్చినవాళ్లు ఎన్నేళ్లున్నా ఆ ఉండటం మన అనుమతి నీడలోనే ఉన్నట్టు లెక్క. అది మారాలంటే ఏదో ఒక రోజు వాళ్లు ఆ అనుమతిని కాదని, 'ఇది నీది కాదు, నాది' అని యజమానికి తెలిసేలా తేల్చి చెప్పాలి. మాటతోనో, చేతతోనో. ఆ రోజు నుంచి పన్నెండేళ్లు బాహాటంగా, విరామం లేకుండా యజమానిలాగే ఉండాలి. మనసులో అనుకుంటే చాలదు. యజమానికి తెలియకుండా ఏ ఆఫీసులోనో కాగితం మార్చుకున్నా చాలదు. వట్టి ఏళ్ల లెక్క అనుమతిని ప్రతికూల స్వాధీనంగా మార్చదని సుప్రీంకోర్టు 1950ల నుంచి చెబుతూనే ఉంది.

ఇక ఒక కేసు తీసుకుందాం. ఇది ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఇలాంటి దావాల్లో పదేపదే కనిపించే సంగతుల్ని ఒకచోట పెట్టి ఊహించినది.

తెనాలిలో మూడు వందల గజాల్లో ఒక పెంకుటిల్లు. 1981లో తండ్రి తన జీతం డబ్బుతో కొన్నాడు, క్రయ దస్తావేజు ఆయన పేరు మీదే రిజిస్టరైంది. 1992లో ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. అదే ఏడు ఆయన చెల్లెలు భర్త పోయి, కొడుకుతో పుట్టింటి ఊరికి వచ్చింది. అన్న ఇంటి తాళాలు ఆమెకిచ్చాడు. అద్దె మాటే లేదు, కాగితం ఊసే లేదు. వీధి వైపు గదికి మాత్రం తన తాళం వేసుకుని అందులో బీరువా, ఇత్తడి సామాను ఉంచాడు. 2009లో చెల్లెలు చనిపోయింది. మేనల్లుడు భార్యాపిల్లలతో అక్కడే ఉండిపోయాడు. 2011లో మునిసిపాలిటీలో ఇంటి పన్ను తన పేరుకు మార్పించుకున్నాడు. 2014లో ముందు భాగంలో స్లాబు వేసి చిన్న కొట్టు కట్టాడు. 2018లో తండ్రి పోయాడు. హైదరాబాదులో ఉంటున్న కొడుకు, అమెరికాలో ఉంటున్న కూతురు, వాళ్లమ్మ కలిసి 2024లో ఇల్లు అమ్ముదామనుకున్నారు. కొడుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చిన జవాబు: 'బావా, అమ్మడానికి అది మీ ఇల్లెక్కడిది? ముప్పై రెండేళ్లుగా మేమే ఉంటున్నాం. పన్ను నా పేరు మీద ఉంది, కరెంటు మీటరు నా పేరు మీద ఉంది.'

ముప్పై రెండేళ్లు అనగానే గుండె జారిపోతుంది. లాయరు మాత్రం ఆ అంకెను పక్కనపెట్టి, మేనల్లుడు ఏ తేదీని పట్టుకుంటాడా అని వెతుకుతాడు. మూడు తేదీలున్నాయి. మూడింటికీ మూడు రకాల బలం.

మొదటిది 1992. దీంతో మేనల్లుడికి ఒరిగేదేమీ లేదు. ఆ రోజు జరిగింది అనుమతితో ప్రవేశం. ఇందుకు దగ్గరి తీర్పు గోవాకు చెందిన తోబుట్టువుల కేసులో 2012లో వచ్చింది. ఆ ఇంటి హక్కుదారు సోదరి, ఇంట్లో ఉంటున్నది సోదరుడు. ఉచితంగా ఉండనిచ్చినవాళ్లకు, కాపలాదారుకు, పనివాళ్లకు ఏళ్లూ పూళ్లూ గడిచినా ఆస్తిలో హక్కు పుట్టదని సుప్రీంకోర్టు అక్కడ తేల్చేసింది. అంతేకాదు, స్వాధీనం నాదే అనేవాడు ఎప్పుడు వచ్చాడు, ఎలా వచ్చాడు, ఎవరు రానిచ్చారు అనే వివరాలు తన పత్రాల్లోనే చెప్పాలని కూడా అంది. 'చాలా ఏళ్లుగా ఉంటున్నాం' అన్న ఒక్క వాక్యం సరిపోదన్నమాట.

రెండోది 2009. ఇది కాస్త చిక్కు. అనుమతి ఇచ్చింది చెల్లెలికి, ఆమెతోపాటే అనుమతీ పోయింది, ఆ తర్వాత నేను ఉన్నది నా హక్కుతో, అని మేనల్లుడి లాయరు వాదిస్తాడు. అనుమతి అనేది మనిషికి ఇచ్చేదే కాబట్టి వాదన మరీ తీసిపారేయదగ్గది కాదు. దానికి జవాబు, తల్లి పోయాక కొడుకును మామయ్య ఖాళీ చేయమనలేదు, కొడుకు మామయ్యను కాదనలేదు, కాబట్టి పాత ఏర్పాటే నడిచింది అని చూపించడం. ఇక్కడే చిన్న చిన్న సంగతులు పనికొస్తాయి. 2013లో పెంకులు మార్పించడానికి మామయ్య ఖాతా నుంచి మేనల్లుడి ఖాతాకు డబ్బు వెళ్లినట్టు బ్యాంకు పుస్తకంలో ఉంది. 2016లో మేనల్లుడు వాట్సాప్‌లో పంపిన సందేశం మామయ్య పాత ఫోనులో దొరికింది: 'మామయ్యా, వంటింటి గోడ చెమ్మ పట్టింది, ఏం చేయమంటారు?' తనదైన ఇంటి గోడ గురించి ఎవరూ ఇంకొకరిని అలా అడగరు. ఈ ఒక్క వాక్యం ముప్పై పన్ను రసీదుల కంటే బరువైనదని నా అభిప్రాయం.

మూడోది 2011, పన్ను పేరు మార్పు. అసలు ప్రమాదం దీనిదే. లెక్కపెట్టి చూడండి. 2011 నుంచి పన్నెండేళ్లంటే 2023తో సరి. దావా 2024లో వేస్తున్నారు. అంటే 2011లో జరిగినది నిజంగా యజమానిని కాదనడమే అయితే ఇల్లు పోయినట్టే. కాబట్టి పోరాటమంతా ఆ కాగితం చుట్టూ తిరుగుతుంది. పేరు మార్చమని ఇచ్చిన దరఖాస్తులో ఏమని రాశాడు? మామయ్యకు నోటీసు వెళ్లిందా? ఆయనకు తెలుసా? పన్ను పుస్తకంలో పేరు గానీ, పల్లెల్లో అయితే అడంగల్లో పేరు గానీ, పన్ను ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలో చెప్పేవే తప్ప హక్కు పుట్టించేవి కావని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. కరెంటు మీటరూ అంతే. మామయ్యకు తెలియకుండా మారిన పేరు ఆయనకు ఎదురు తిరిగినట్టు కాదు. ఐతే మునిసిపాలిటీ ఆయనకు నోటీసు పంపి, ఆయన అభ్యంతరం చెప్పి, మేనల్లుడు 'ఇల్లు నాదే' అని రాతపూర్వకంగా జవాబిచ్చి, ఆ తర్వాత మామయ్య ఊరుకుని ఉంటే కథ వేరేలా ఉండేది. మన కేసులో ఆ దాఖలా లేదు. పైగా 2013 నాటి డబ్బు, 2016 నాటి సందేశం ఆ తేదీ తర్వాతివే. ఇక వీధి గదికి వేసిన తాళం ఈ రోజుకీ మామయ్యదే. ఇల్లంతా నా స్వాధీనమే అనే మాటకు ఆ తాళం అడ్డుపడుతుంది.

కొట్టు సంగతి మిగిలింది. 'నా డబ్బు పెట్టి కట్టాను, మామయ్య చూస్తూ ఊరుకున్నాడు' అంటాడు. ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్లో దీనికి ఒక దారి ఉంది. ఇచ్చిన అనుమతిని నమ్ముకుని, దాని ప్రకారం శాశ్వతమైన కట్టడం కట్టినవాడి అనుమతిని రద్దు చేయడానికి వీల్లేదు. మరమ్మతులు ఇందులోకి రావు, తన సౌకర్యానికి అడక్కుండా కట్టుకున్నవీ రావు. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ సెక్షన్ పట్టుకున్నాడంటే, తాను అనుమతితోనే ఉన్నానని ఒప్పుకున్నట్టే. అనుమతితో ఉన్నవాడికి అడ్వర్స్ పొసెషన్ లేదు. ఒక కాలు ఇటు వేస్తే రెండో కాలు జారుతుంది.

ఇలాంటి జారుడు బండ మీదే చాలామంది చుట్టాల వాదన పడిపోతుంది. జవాబు దావాలో మొదటి పేరాలో 'మామయ్య ఈ ఇల్లు మా అమ్మకు ఇచ్చేశాడు' అంటారు, నాలుగో పేరాలో 'పన్నెండేళ్లు దాటింది కాబట్టి నాదే' అంటారు. ఇచ్చేశాడంటే ఇల్లు మొదటి నుంచీ అమ్మదే. ఎదుటివాడిది అని ఒప్పుకుంటేనే దాన్ని ప్రతికూల స్వాధీనంతో తెచ్చుకోవడం అనే మాట పుడుతుంది. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవని సుప్రీంకోర్టు 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో చెప్పింది.

అయినా 'ఇచ్చేశాడు' అన్న మాటను యజమాని తేలిగ్గా తీసుకోకూడదు. చుట్టం గెలిచే దారి ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. హిందూ కుటుంబాల్లో స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలి, నోటిమాట చెల్లదు. కానీ చెల్లని దానం కింద స్వాధీనంలోకి వచ్చినవాళ్లు అనుమతితో వచ్చినవాళ్లు కారు, యజమానిగా వచ్చినవాళ్లు. 1919లో ప్రివీ కౌన్సిల్ ముందుకు మద్రాసు రాష్ట్రం నుంచి ఇలాంటి కేసే వెళ్లింది. 1895లో ఇద్దరు ఆడవాళ్లు తమ ఆస్తిని బంధువైన ఒక అమ్మాయికి స్త్రీధనంగా ఇచ్చామని కలెక్టరుకు అర్జీ పెట్టుకుని రికార్డులో పేరు మార్పించారు. దస్తావేజు రిజిస్టరు కాలేదు కాబట్టి దానం చెల్లదని కోర్టు అంది. కానీ ఆ అర్జీ, ఆ అమ్మాయి ఏ హోదాలో స్వాధీనంలో ఉందో చూపించడానికి పనికొస్తుందని కూడా అంది. 1911లో ఆమె చనిపోయేదాకా పన్నెండేళ్లకు పైగా సొంతదారుగానే ఉంది కాబట్టి ఆస్తి ఆమెదే అయిందని తీర్పిచ్చింది. పసుపు కుంకుమల కింద ఇచ్చామని నలుగురిలో చెప్పి, కాగితం రాయకుండా, తర్వాత 'వట్టినే ఉండమన్నాం' అనే పుట్టింటివాళ్లు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి. ఆడపడుచు వాదన ఊరికే కొట్టుకుపోయేది కాదు. అలా కొట్టుకుపోకూడదనే నేనూ అనుకుంటాను.

మన కేసులో ఇల్లు తండ్రి సొంత సంపాదన. అదే తాతగారి నుంచి వచ్చి పంచుకోని ఇల్లయితే లెక్క మారుతుంది. అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్లో ఉండి ఇల్లూ పొలమూ చూసుకుంటాడు, మిగతావాళ్లు ఉద్యోగాల మీద వెళ్తారు. ఇరవై ఏళ్ల తర్వాత 'అంతా నాదే' అంటాడు. ఇక్కడ అతను కూడా హక్కుదారే. ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం అందరి తరఫున స్వాధీనంగానే చట్టం చూస్తుంది. ఒకడే అయివేజు తిన్నంత మాత్రాన, మిగతావాళ్లు అడగనంత మాత్రాన వాళ్ల వాటా పోదు. వాళ్ల హక్కును కాదని, వాళ్లకు తెలిసేలా తోసిపుచ్చాలి. దీన్నే లాయర్లు ఔస్టర్ అంటారు. దీనికి ఇప్పటికీ అందరూ చూపించే తీర్పు తెలుగు నేల మీది దాయాదుల తగాదాలో 1956 డిసెంబరులో వచ్చిన లక్ష్మీరెడ్డి కేసు. ఆస్తి కొంతకాలం కోర్టు నియమించిన రిసీవరు చేతిలో ఉంది. ఆ కాలాన్ని కూడా కలుపుకుని పన్నెండేళ్లు చూపించాలని ఒక వారసుడి వైపువాళ్లు ప్రయత్నించారు. రిసీవరు చేతిలో ఉన్నప్పుడు ఒకరిని కాదని ఇంకొకరు స్వాధీనంలో ఉండటం కుదరదని, ఆ కాలాన్ని తీసేస్తే పన్నెండేళ్లు నిండలేదని సుప్రీంకోర్టు అంది. ఇలాంటి ఆస్తికి వేయాల్సింది ఖాళీ చేయించే దావా కాదు, పంపకాల దావా.

ఇక తెనాలి ఇంటి వారసులు ఏం చేయాలి? మొదటి వారం లాయరు నోటీసు పంపడానికి కాదు, కాగితాలు పోగుచేయడానికి. దస్తావేజు నకలు, ఈసీ, తండ్రి మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, తండ్రి పేరున ఉన్న పాత పన్ను రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉత్తరాలు, ఫోటోలు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. 1981 నాటి లావాదేవీకి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టి పాత పుస్తకాలు వెతికించాలి. మునిసిపాలిటీ నుంచి 2011 పేరు మార్పు ఫైలు నకలును సమాచార హక్కు కింద అడగాలి. మేనల్లుడు ఆ దరఖాస్తులో ఏం రాశాడో తెలియకుండా నోటీసు పంపడం చీకట్లో రాయి వేయడమే. తండ్రి పాత ఫోను పారేయకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. అందులోని సందేశాన్ని కోర్టులో పెట్టడానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

తర్వాత నోటీసు. కోపంలో రాయించే నోటీసులో యజమానులు తమ గొయ్యి తామే తవ్వుకుంటారు. 'మీరు 1992 నుంచి మా ఇంటిని అక్రమంగా ఆక్రమించుకుని మా హక్కును ధిక్కరిస్తున్నారు' అని రాశారంటే, 1992 నుంచే స్వాధీనం ప్రతికూలమని ఎదుటివాడు నిరూపించుకోవాల్సిన శ్రమను మీరే తీర్చారు. రాయాల్సింది జరిగిన సంగతి: ఫలానా ఏడు మా నాన్న తన చెల్లెలిని అద్దె లేకుండా ఉండమన్నారు, ఆమె తర్వాత మీరు అదే అనుమతితో ఉంటున్నారు, ఆ అనుమతిని ఇప్పుడు రద్దు చేస్తున్నాం, ఫలానా తేదీలోగా ఖాళీ చేయండి. కోపం ఎంతున్నా భాష ఇంతే ఉండాలి. దావాలోనూ ఇదే కథ, ఇదే క్రమం.

నోటీసు పంపి ఊరుకోవడం పంపకపోవడం కన్నా ప్రమాదం. నోటీసు కాలాన్ని ఆపదు. పోలీసు ఫిర్యాదూ ఆపదు, పెద్దమనుషుల పంచాయితీ కూడా ఆపదు. ఆపేది దావా ఒక్కటే. పైగా 'నీకు హక్కు లేదు, ఇల్లు నాదే' అని జవాబు వచ్చిందంటే, అప్పటిదాకా మొదలుకాని పన్నెండేళ్ల లెక్క ఆ రోజు నిక్కచ్చిగా మొదలైనట్టే. ముందు తేదీ దొరక్క తిప్పలుపడుతున్న మేనల్లుడికి మనమే తేదీ ఇచ్చినవాళ్లమవుతాం. తగాదాకు పోవడమెందుకని ఆ జవాబును మడిచి పెట్టెలో పెట్టి, పిల్లల పెళ్లిళ్లూ చదువులూ అయ్యాక చూద్దామనుకునేవాళ్లే నిజంగా ఇళ్లు పోగొట్టుకునేవాళ్లు.

అలాగని మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి సామాను బయట పడేయించడం, కరెంటు తీయించడం, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వేయడం పనికిరాదు. చట్టప్రకారం కాకుండా బయటికి గెంటితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి వాళ్లు తిరిగి ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో హక్కు ఎవరిదన్న ప్రశ్నే రాదు. మన దస్తావేజు అక్కడ పనిచేయదు.

దావా తెనాలి కోర్టులోనే వేయాలి, ఇల్లున్న చోటే. తల్లి, కొడుకు, కూతురు ముగ్గురూ వాదులుగా ఉంటే మంచిది. కోర్టు ఫీజు ఇంటి విలువను బట్టి ఉంటుంది కాబట్టి డబ్బు ముందే చూసుకోవాలి. అడగాల్సినవి మూడు: స్వాధీనం ఇప్పించడం, అనుమతి రద్దయిన రోజు నుంచి ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారం, కేసు తేలేదాకా ఇంటిని అమ్మకుండా, కొత్తగా ఏమీ కట్టకుండా ఇంజంక్షన్. ఇక్కడ యజమానికి ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. పాత చట్టంలో, గత పన్నెండేళ్లలో తన స్వాధీనం ఎప్పుడో ఒకప్పుడు ఉందని యజమానే చూపించుకోవాల్సి వచ్చేది. 1963 చట్టం వచ్చాక హక్కుతో దావా వేసే యజమాని తన హక్కు నిరూపిస్తే చాలు, అది పోయిందని చూపించాల్సిన బరువు ప్రతివాదిది.

మేనల్లుడే ముందుగా కోర్టుకు వెళ్లే అవకాశమూ ఉంది. ఒకప్పుడు అడ్వర్స్ పొసెషన్‌ను తన మీద దావా వేస్తే అడ్డుపెట్టుకోవడానికే వాడుకోవాలి, దాంతో తానుగా దావా వేయకూడదు అనేవారు. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఆ మాట కాదంది. ఇప్పుడు అలా ఉంటున్నవాడు 'ఇల్లు నాదని ప్రకటించండి' అని తానే వాదిగా వెళ్లవచ్చు. ఈ చట్టమే తర్కానికి నిలవదని 2008లో అదే కోర్టు చిరాకుపడి, మార్చే సంగతి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్చనక్కర్లేదంది. కాబట్టి చట్టం ఎత్తేస్తారని ఎదురుచూసి లాభం లేదు.

సాక్ష్యం దగ్గర ప్రవాసులు ఒక తప్పు చేస్తారు. అమెరికాలో ఉన్న కూతురు తమ్ముడికి జీపీఏ ఇచ్చి కేసు నడిపించవచ్చు. కానీ తనకు మాత్రమే తెలిసిన సంగతుల గురించి ఆమె బదులు తమ్ముడు బోనెక్కి చెప్పడం కుదరదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. 1992లో తాళాలు చేతికిచ్చిన రోజు అక్కడున్నదెవరు? తండ్రి లేడు, మేనత్త లేదు. ఉన్నది తల్లి. ఈ కేసుకు ఆమే ప్రాణం. ఆమె వయసు, ఆరోగ్యం చూసుకుని వీలైనంత త్వరగా సాక్ష్యం నమోదు చేయించాలి. రాలేకపోతే కోర్టు కమిషనరును ఇంటికి పంపుతుంది. ఆమెతోపాటు ఆనాటి పొరుగువాళ్లు ఎవరైనా దొరికితే మరీ మంచిది.

క్రాస్ ఎగ్జామినేషన్లో మేనల్లుడిని అడిగే ప్రశ్నలు నిజానికి చాలా మామూలువి. మొదట ఈ ఇంట్లోకి ఎలా వచ్చారు? తాళాలు ఎవరిచ్చారు? ఇది మీది కాదు అని మీ మామయ్యకు ఏ రోజు చెప్పారు? ఎవరి ఎదుట? వీధి గది తాళంచెవి ఎవరి దగ్గరుంది? 2016లో గోడ గురించి ఆయన్ను ఎందుకడిగారు? మూడో ప్రశ్నకు తేదీతో జవాబు లేకపోతే అడ్వర్స్ పొసెషన్ వాదన నిలవడం కష్టం.

ఇంత చెప్పాక రాజీ మాట ఎందుకంటే, ఇలాంటి దావా కింది కోర్టు, అప్పీలు, హైకోర్టు దాటేసరికి ఏళ్లు పడుతుంది. ఇంటిని ముప్పై ఏళ్లు కూలిపోకుండా చూసుకున్న మనిషి అవతల ఉన్నాడన్నదీ నిజమే. కొట్టుకు పెట్టిన ఖర్చు, వేరే ఇల్లు చూసుకోవడానికి కొంత సొమ్ము, ఆరు నెలలో ఏడాదో గడువు ఇచ్చి తేల్చుకోవడం చేతగానితనం కాదు. కానీ దాన్ని నోటిమాటగా వదలకూడదు. లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజూ వెనక్కి వస్తుంది. ఇల్లు ఎవరిదో, ఏ తేదీకి ఖాళీ చేస్తారో ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి.

ఇంకా తగాదా రానివాళ్లు, అంటే ఊళ్లో ఇంట్లో చిన్నాన్నో మేనత్తో ఉంటున్నవాళ్లు, ఈ పండక్కి వెళ్లినప్పుడు ఒక ఉత్తరం రాయించుకోండి. 'ఈ ఇల్లు ఫలానావారిది, వారి అనుమతితో అద్దె లేకుండా ఉంటున్నాం, అడిగినప్పుడు ఖాళీ చేస్తాం' అనే రెండు వాక్యాలు, తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు. రెండు మూడేళ్లకోసారి కొత్తది రాయించుకోండి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు పోతే వారసుల చేత వెంటనే రాయించుకోండి. పన్ను మీ పేరునే ఉంచి, మీ ఖాతా నుంచే కట్టండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. 'బ్యాంకు లోనుకు కావాలట, మా లాయరు అడిగాడు' లాంటి సాకులు చెప్పకుండా, పిల్లల కాలానికి గొడవ లేకుండా ఉండటానికని నేరుగా చెబితేనే మర్యాద.

కేసు గెలిచినవాళ్లకు కూడా ఒక మాట. స్వాధీనం డిక్రీ చేతికొచ్చాక చుట్టరికం చూసుకుని అమలు చేయించకుండా వదిలేసేవాళ్లున్నారు. ఆ డిక్రీ అమలు పిటిషన్‌కు కూడా లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు పన్నెండేళ్లే.